పంపు తిరుగుతున్నా మురుగు తగ్గడం లేదా? సీవేజ్ పంపింగ్ స్టేషన్‌లో రోజువారీ తనిఖీలు, లోపం పట్టుకునే పద్ధతి

చిన్న మున్సిపాలిటీల పంపింగ్ స్టేషన్లలో పనిచేసే ఆపరేటర్లు, సొంత మురుగు పంపులున్న పెద్ద అపార్ట్‌మెంట్ల నిర్వహణ సిబ్బంది తరచూ అడిగే ప్రశ్న ఒకటుంది: పంపు తిరుగుతోంది, ప్యానెల్‌లో లైటు వెలుగుతోంది, ఆంప్స్ కూడా చూపిస్తోంది, అయినా మురుగు వచ్చి చేరే గుంట, అంటే వెట్‌వెల్‌లో మట్టం దిగడం లేదు, ఇప్పుడేం చేయాలి? చాలామంది వెంటనే పంపును గొలుసుతో పైకి లాగుతారు, లేదా మోటారు పాడైందని రిపేరు షాపుకు పంపుతారు. అయితే లోపం చాలాసార్లు ఆ పంపులో ఉండదు. గొలుసు మీద చెయ్యి వేసే ముందే లోపం ఎక్కడుందో ఎలా నిర్ధారించాలో ఇక్కడ వరుసగా రాస్తున్నాను.

ఉదాహరణకు 3 మీటర్ల లోపలి వ్యాసం ఉన్న గుండ్రటి వెట్‌వెల్‌ను తీసుకుందాం. అందులో 11 కిలోవాట్ల సబ్‌మెర్సిబుల్ పంపులు రెండు ఉంటాయి, ఒకటి నడుస్తుంటే రెండోది స్టాండ్‌బైగా ఉంటుంది. ఒక్కో పంపు సెకనుకు 25 లీటర్లు తోడేలా ఎంపిక చేసినది. ప్రతి పంపు డెలివరీ లైనులోనూ ముందు నీరు వెనక్కి రాకుండా ఆపే నాన్ రిటర్న్ వాల్వ్, తర్వాత చేత్తో తిప్పి లైనును మూసే స్లూయిస్ వాల్వ్ ఉంటాయి. ఆపై రెండు లైన్లూ కలిసి ఒకే రైజింగ్ మెయిన్‌గా బయటికి వెళ్తాయి, ప్రెషర్ గేజ్ ఆ కలిసే చోట ఉంటుంది. మీ స్టేషన్ కొలతలు వేరైనా పద్ధతి ఇదే.

దగ్గర ఉంచుకోవలసినవి

- అడుగున తేలే బిళ్ల కట్టి, ప్రతి 10 సెంటీమీటర్లకు రంగు గుర్తు పెట్టిన నైలాన్ తాడు
- స్టాప్‌వాచ్ (సెల్‌ఫోన్‌లోనిది సరిపోతుంది)
- ఆంప్స్ కొలిచే క్లాంప్ మీటర్, ఇన్సులేషన్ కొలిచే 500 వోల్టుల మెగ్గర్
- పనిచేసే ప్రెషర్ గేజ్
- నాలుగు వాయువులను చూపే గ్యాస్ డిటెక్టర్, దాన్ని కిందికి దించేందుకు తాడు
- పంపు బరువుకు తగ్గ చైన్ పుల్లీ బ్లాక్
- తాళం వేసే వీలున్న ఐసొలేటర్, ఆ తాళం
- లాగ్‌బుక్

గేజ్ ముల్లు నెలల తరబడి ఒకే చోట నిలిచిపోయిన స్టేషన్లు చాలా ఉన్నాయి. పంపు ఆపినప్పుడు ముల్లు కదలకపోతే ఆ గేజ్‌ను నమ్మకండి, ముందు దాన్ని మార్పించండి. తక్కువ ఖర్చుతో అయ్యే ఈ ఒక్క మార్పు లేకుండా కింద చెప్పే పరీక్షలో సగం జరగదు.

పని మొదలుపెట్టే ముందు

వెట్‌వెల్‌లోకి మనిషి దిగకూడదు. సబ్‌మెర్సిబుల్ పంపు గైడ్ పైపుల మీదుగా పైకి వస్తుంది కాబట్టి పంపు కోసం ఎవరూ దిగాల్సిన అవసరం లేదు. మురుగులో పుట్టే హైడ్రోజన్ సల్ఫైడ్ గాలికన్నా బరువైనది, అందువల్ల అడుగున చేరుతుంది. కొద్దిగా ఉన్నప్పుడు కుళ్లిన గుడ్డు వాసన వస్తుంది గానీ, 100 పీపీఎం ప్రాంతానికి చేరేసరికి ముక్కు దాన్ని పసిగట్టే శక్తిని కోల్పోతుంది. వాసన తగ్గింది కనుక గాలి బాగుందని అనుకోవడం ప్రాణాలు తీసే పొరపాటు. అడుగున పేరుకున్న బురదను కదిపితే అందులో ఇమిడి ఉన్న వాయువు ఒక్కసారిగా బయటికి వస్తుంది కాబట్టి, అరగంట క్రితం డిటెక్టర్ మంచి రీడింగు చూపిందన్న మాట కూడా చెల్లదు.

తగిన రక్షణ లేకుండా సీవర్లను, సెప్టిక్ ట్యాంకులను శుభ్రం చేయించడాన్ని 2013 నాటి చట్టం నిషేధించింది. అటువంటి పని చెప్పిన అధికారి గానీ కాంట్రాక్టరు గానీ శిక్షార్హులవుతారు. మీకు ఎవరైనా దిగమని చెబితే, దిగనని చెప్పే హక్కు మీకుంది. లోపల ఎవరైనా పడిపోతే వెనకాలే ఇంకొకరు దూకకండి. రక్షించబోయి చనిపోయినవారు ఇలాంటి ప్రమాదాల్లో తరచుగా ఉంటారు. పైనుంచి గాలి ఊదే బ్లోయర్ పెట్టి, 101కి, 108కి ఫోన్ చేయండి.

వాల్వులున్న గుంట లోతుగా ఉంటే దానికీ ఇదే జాగ్రత్త వర్తిస్తుంది. మూత తీసి కాసేపు గాలి ఆడనిచ్చి, డిటెక్టర్‌ను అడుగుదాకా దించి చూడండి. ఆక్సిజన్ 19.5 శాతానికి తగ్గినా, హైడ్రోజన్ సల్ఫైడ్ 10 పీపీఎంకు చేరినా, మండే వాయువు అలారం మోగినా దిగవద్దు.

రెండో జాగ్రత్త కరెంటుకు సంబంధించినది. ఆటో మోడ్‌లో ఉన్న పంపు, మట్టంతో పాటు ఫ్లోట్ స్విచ్ లేవగానే దానంతటదే తిరుగుతుంది. సెలెక్టర్ స్విచ్‌ను ఆఫ్‌లో పెడితే చాలదు. ఐసొలేటర్ తీసి, దానికి తాళం వేసి, తాళంచెవి పనిచేసే మనిషి జేబులో ఉంచుకోవాలి.

ప్రతి షిఫ్టులో చేయవలసినవి

1. రెండు పంపుల రన్నింగ్ అవర్ మీటర్లను లాగ్‌బుక్‌లో రాయండి. ఎన్ని గంటలు నడిచిందో అంచనాగా రాయకుండా, మీటరులో కనిపించే అంకెనే రాయండి.

2. నడుస్తున్న పంపు మూడు ఫేజుల ఆంప్స్‌ను, వోల్టేజీని, గేజ్ ప్రెషర్‌ను ఒకే సమయంలో చూసి రాయండి. మన ఉదాహరణలోని పంపు ఆరోగ్యంగా ఉన్నప్పుడు 17 ఆంప్స్ తీసుకుంటుంది, గేజ్ చదరపు సెంటీమీటరుకు 1.5 కిలోలు చూపుతుంది. మీ స్టేషన్‌కు ఇలాంటి సాధారణ అంకెలను పంపు బాగున్న రోజునే రాసి, ప్యానెల్ తలుపు లోపలివైపు అతికించండి.

3. టార్చి వెలుతురులో పైనుంచి వెట్‌వెల్ ఉపరితలాన్ని చూడండి. ఆగి ఉన్న పంపు మీద నీళ్లు కుతకుతలాడుతున్నట్లు కనిపిస్తున్నాయా? కొవ్వు తెట్టు గట్టిపడి ఫ్లోట్ స్విచ్‌లను పట్టేసిందా? తెట్టును పైనుంచే నీటిపైపుతో కడిగేయండి.

4. జాలీ దగ్గర చేరిన గుడ్డలు, ప్లాస్టిక్ కవర్లను పొడవాటి కొక్కెం కర్రతో పైనుంచే లాగి, మూత ఉన్న డబ్బాలో వేయండి. తిరిగి వెల్‌లోకి తోసేస్తే అవే పంపు నోట్లోకి వెళ్తాయి.

5. వారానికోసారి కొక్కెంతో హైలెవెల్ అలారం ఫ్లోట్‌ను ఎత్తి చూడండి. అలారం మోగకపోతే ఆ రోజే బాగు చేయించాలి.

ఇందులో మొదటి పని మీద నాకు పట్టింపు ఎక్కువ, ఎందుకంటే లోపాన్ని అన్నిటికన్నా ముందు బయటపెట్టేది రన్నింగ్ అవర్ మీటరే. వానలు లేని రోజుల్లో రోజుకు 9 గంటలు నడిచే స్టేషన్ కొన్ని రోజుల్లోనే పదమూడు, పద్నాలుగు గంటలకు చేరిందంటే, మురుగు ఎక్కువగా వస్తూ ఉండాలి లేదా పంపు తక్కువగా తోడుతూ ఉండాలి. ఈ రెండింటిలో ఏదన్నది కింది పరీక్ష తేలుస్తుంది.

నెలకోసారి చేయవలసిన మట్టం పరీక్ష

ఫ్లో మీటర్ లేని స్టేషన్‌లో పంపు నిజంగా ఎంత తోడుతోందో వెట్‌వెల్‌తోనే కొలవవచ్చు. మురుగు రాక నిలకడగా ఉండే వేళను ఎంచుకోండి. ఉదయం ఆరు నుంచి తొమ్మిది వరకు రాక క్షణక్షణం మారుతుంది కనుక ఆ సమయం పనికిరాదు, మధ్యాహ్నం మేలు.

1. పంపును ఆపండి. మట్టం స్టార్ట్ స్థాయికన్నా కింద ఉండేలా చూసుకోండి. గ్రేటింగ్ సందులోంచి తాడు దించి, 30 సెంటీమీటర్లు పెరగడానికి పట్టిన సమయం కొలవండి. మన ఉదాహరణలో 4 నిమిషాలు పట్టిందనుకుందాం.

2. 3 మీటర్ల వెల్ అడ్డుకోత వైశాల్యం 7.07 చదరపు మీటర్లు. 30 సెంటీమీటర్లంటే 2.12 ఘనపు మీటర్లు. దాన్ని నాలుగుతో భాగిస్తే నిమిషానికి 0.53 ఘనపు మీటర్ల మురుగు వస్తోందని అర్థం.

3. ఇప్పుడు ఒక పంపును మాన్యువల్‌లో నడిపి, మట్టం 60 సెంటీమీటర్లు దిగడానికి పట్టిన సమయం కొలవండి. పంపు బాగున్నప్పుడు 5 నిమిషాలు పట్టిందనుకుందాం. 4.24 ఘనపు మీటర్లను ఐదుతో భాగిస్తే 0.85 వస్తుంది.

4. రెంటినీ కలపండి. 0.85కు 0.53 కలిపితే నిమిషానికి 1.38 ఘనపు మీటర్లు, అంటే సెకనుకు 23 లీటర్లు. 25 లీటర్ల పంపుకు ఇది మంచి ఫలితమే.

5. పంపు ఆపి, రాకను మరోసారి కొలవండి. మొదటి కొలతకూ దీనికీ పదో వంతుకు మించి తేడా ఉంటే పరీక్ష మళ్లీ చేయండి.

6. రెండో పంపుకూ ఇలాగే చేసి, రెండు ఫలితాలనూ తేదీతో రాయండి.

ఇక్కడ తరచుగా జరిగే పొరపాటు నాలుగో అంచెను వదిలేయడం. పంపు నడుస్తున్నంతసేపూ మురుగు వస్తూనే ఉంటుంది కాబట్టి, మట్టం దిగిన లెక్కను మాత్రమే చూస్తే సెకనుకు 14 లీటర్లే వస్తాయి. ఆ అంకె చూసి మంచి పంపునే పాతదైపోయిందని కొత్తదానికి ఇండెంటు పెట్టిన సందర్భాలున్నాయి. మాన్యువల్‌లో నడుపుతున్నప్పుడు తక్కువ మట్టం దగ్గర పంపు దానంతటది ఆగకపోవచ్చు. స్టాప్ స్థాయికి రాగానే మీరే ఆపండి, లేకపోతే నీటి బయటికి వచ్చిన మోటారు వేడెక్కిపోతుంది.

ఫలితం తగ్గితే లోపం ఎక్కడ వెతకాలి

ఇప్పుడు అదే స్టేషన్‌లో రన్నింగ్ గంటలు 9 నుంచి 13న్నరకు పెరిగాయనుకుందాం. ఒకటో పంపుతో పరీక్ష చేస్తే, రాక ఎప్పటిలాగే 0.53 ఉంది గానీ 60 సెంటీమీటర్లు దిగడానికి 11 నిమిషాలు పట్టింది. లెక్క వేస్తే సెకనుకు సుమారు 15 లీటర్లే. రాక పెరగలేదు, పంపే తక్కువ తోడుతోంది. చాలామంది ఇక్కడే గొలుసు అందుకుంటారు. దానికి ముందు గేజ్‌నూ ఆంప్స్‌నూ కలిపి చదవండి.

గేజ్ పెరిగి ఆంప్స్ తగ్గితే అడ్డంకి గేజ్ దాటాక ఉంది. రైజింగ్ మెయిన్ మీద ఏదో వాల్వ్ సగం మూసి ఉండవచ్చు, ఎత్తైన చోట ఎయిర్ వాల్వ్ పనిచేయక గాలి చిక్కుకుని ఉండవచ్చు, లేదా పైపులో పూడిక చేరి ఉండవచ్చు. పంపును లాగినా ప్రయోజనం లేదు.

గేజ్, ఆంప్స్ రెండూ తగ్గితే పంపే సరిగా తోడడం లేదు. పంపు లోపల తిరిగే చక్రం, అంటే ఇంపెల్లర్ నోట్లో గుడ్డ చుట్టుకుని ఉండవచ్చు, ఇంపెల్లర్ అరిగి ఉండవచ్చు. మోటారు రీవైండింగ్ తర్వాతో కేబుల్ మార్చిన తర్వాతో ఇలా జరిగితే ముందు తిరుగుడు దిశను అనుమానించండి. తలకిందులుగా తిరిగే సెంట్రిఫ్యూగల్ పంపు కూడా కొంత నీరు తోడుతుంది కనుక చాలామందికి ఆ అనుమానమే రాదు. రెండు ఫేజులు మార్చి చూస్తే తేలిపోతుంది. గుడ్డ ఇంపెల్లర్‌కూ కేసింగ్‌కూ మధ్య ఇరుక్కుంటే మాత్రం ఆంప్స్ తగ్గకుండా పెరుగుతాయి, పైపు అదురుతుంది.

గేజ్ తగ్గి, ఆంప్స్ అలాగే ఉన్నా లేక పెరిగినా నీళ్లకు ఎక్కడో సులువైన దారి దొరికిందని అర్థం. మన స్టేషన్‌లో కనిపించింది ఇదే: గేజ్ 1.5 నుంచి 1.1కి పడింది, ఆంప్స్ 17 నుంచి 18.5కి పెరిగాయి. రైజింగ్ మెయిన్ పగిలినా గేజ్ ఇలాగే పడుతుంది, కానీ అప్పుడు నీరు వెల్ బయటికే పోతుంది కాబట్టి మట్టం మామూలుగానో, ఇంకా వేగంగానో దిగుతుంది. ఇక్కడ మట్టం నెమ్మదిగా దిగుతోంది కనుక, తోడిన నీరు తిరిగి వెల్‌లోకే వస్తోంది. దానికి రెండే దారులు. ఒకటి, నడుస్తున్న పంపు, అడుగున డెలివరీ లైనుకు కలిపే వంపు పైపు అయిన డక్‌ఫుట్ బెండ్ మీద సరిగా కూర్చోకపోవడం. రెండు, ఆగి ఉన్న పంపు లైనులోని నాన్ రిటర్న్ వాల్వ్ మూసుకోకపోవడం.

ఆ రెంటిలో ఏదో తేల్చి, బాగు చేయడం

1. ఒకటో పంపు నడుస్తుండగా రెండో పంపు లైనులోని స్లూయిస్ వాల్వ్‌ను పూర్తిగా మూయండి.

2. గేజ్ వెంటనే 1.5 దగ్గరికి లేస్తే లోపం రెండో లైను నాన్ రిటర్న్ వాల్వ్‌లోనే ఉంది. లేవకపోతే ఒకటో పంపు డక్‌ఫుట్ దగ్గర ఉంది. అప్పుడు దాని కరెంటుకు తాళం వేసి, పంపును కొద్దిగా ఎత్తి, గైడ్ పైపుల మీదుగా నెమ్మదిగా మళ్లీ దించి కూర్చోబెట్టండి. అప్పటికీ కాకపోతే పైకి తీసి సీటు మీది రబ్బరు చూడండి.

3. మన స్టేషన్‌లో గేజ్ లేచింది. వాల్వ్ మూసి ఉండగానే మట్టం పరీక్ష మళ్లీ చేస్తే 5 నిమిషాల చిల్లర వచ్చింది. ఒకటో పంపులో ఏ లోపమూ లేదు.

4. రెండో పంపును ఆటో నుంచి తప్పించి, ఐసొలేటర్‌కు తాళం వేయండి. ఇది మరచిపోకూడదు. స్లూయిస్ వాల్వ్ తెరిచి ఉంటే వెనక్కి వచ్చే నీటి ఒత్తిడికి ఆ పంపు తలకిందులుగా తిరుగుతూ ఉంటుంది, ఆ స్థితిలో స్టార్ట్ చేస్తే షాఫ్ట్ విరగవచ్చు, మోటారుకూ దెబ్బే.

5. ఒకటో పంపుతో వెల్‌ను స్టాప్ స్థాయిదాకా దింపి, ఆ పంపును కూడా ఆపి తాళం వేయండి. నాన్ రిటర్న్ వాల్వ్ మూత బోల్టులను పూర్తిగా తీయకుండా, మీ ముఖానికి దూరంగా ఉన్నవైపు ముందు వదులు చేయండి. నీరు కాసేపు కారి ఆగాలి. ఆగకపోతే స్లూయిస్ వాల్వ్ పట్టడం లేదు. బోల్టులు మళ్లీ బిగించి, ముందు దాని సంగతి చూడండి.

6. నీరు ఆగాకే మూత తీయండి. ఫ్లాప్ కింద ఇరుక్కున్న దాన్ని కొక్కెంతో లాగండి. సాధారణంగా అది చీర ముక్క చుట్టూ వెంట్రుకలు, శానిటరీ ప్యాడ్ల పీచు పెనవేసుకుని, కొవ్వుతో గట్టిపడిన తాడులా ఉంటుంది. ఒక కొన ఫ్లాప్ కింద, రెండో కొన పంపువైపు వేలాడుతుంది. గ్లౌజులు వేసుకున్నా చేతివేళ్లను ఫ్లాప్ కింద పెట్టకండి.

7. సీటు మీద గీతలున్నాయేమో, ఫ్లాప్ పిన్ను అరిగిందేమో చూసి, గ్యాస్కెట్ మార్చి మూత బిగించండి.

సరిచేశాక మూడు విషయాలు చూడాలి. స్లూయిస్ వాల్వ్ పూర్తిగా తెరిచాక, ఒకటో పంపు నడుస్తున్నప్పుడు గేజ్ 1.5 దగ్గరే నిలవాలి. ఆగి ఉన్న రెండో పంపు పైన నీళ్లు కదలకూడదు. పంపులను మార్చి నడిపితే రెండోదీ దాదాపు అంతే ఫలితం ఇవ్వాలి. ఆ స్లూయిస్ వాల్వ్‌ను మూసిపెట్టి, తెరవడం మరచి, మరునాడు రెండో పంపును మూసిన వాల్వ్ మీద నడిపించడం తరచూ జరిగే పొరపాటు. అందుకే వాల్వ్ చక్రానికి ఒక కార్డు కట్టి, తెరిచాకే ఆ కార్డు తీయడం అలవాటు చేసుకోండి.

పంపు ట్రిప్ అయితే

ఓవర్‌లోడ్ రిలే ట్రిప్ అయితే ఒక్కసారి మాత్రమే రీసెట్ చేయండి. మళ్లీ ట్రిప్ అయితే స్టాండ్‌బైకి మారండి. రిలే సెట్టింగును పెంచి నడపడం మోటారును చేతులారా కాల్చుకోవడమే. ముందు మూడు ఫేజుల వోల్టేజీ చూడండి. ఒక ఫేజు లేకపోతే లోపం సరఫరాలోదే. సరఫరా బాగుంటే కరెంటు తీసి, తాళం వేసి, మోటారు కేబుల్‌ను ప్యానెల్ నుంచి విడదీసి మెగ్గర్‌తో చూడండి. ప్యానెల్‌లోని ఎలక్ట్రానిక్ రిలేలకు కలిపి ఉండగా మెగ్గర్ వేస్తే అవి పాడవుతాయి. రీడింగు 1 మెగాఓమ్‌కు తక్కువైతే ఆ పంపును నడపకండి. ఎక్కువే ఉన్నా నెలనెలా పడిపోతూ వస్తుంటే సీలు గుండా లోపలికి నీరు చేరుతోందని అర్థం, అప్పుడు ఆయిల్ చాంబర్ తెరిపించి చూడాలి.

కరెంటు పోతే

పొంగడానికి ఎంత సమయం ఉందో మీకు ముందే తెలిసి ఉండాలి. మన వెల్‌లో స్టార్ట్ స్థాయి నుంచి పొంగే స్థాయికి 1.5 మీటర్లు, అంటే 10.6 ఘనపు మీటర్లు ఉంది. మధ్యాహ్నపు రాకకు 20 నిమిషాలు పడుతుంది. ఉదయం రాక నిమిషానికి 0.9 ఘనపు మీటర్లుంటే 12 నిమిషాలే. వెనక పైపుల్లో, మ్యాన్‌హోళ్లలో ఇంకొంత నిల్వ ఉంటుంది గానీ దాన్ని లెక్కలోకి తీసుకోకండి.

1. జనరేటర్‌ను ఆ సమయంలో సగం గడవకముందే స్టార్ట్ చేయండి. ఒక్కసారి ఒక్క పంపునే వేయండి.

2. జనరేటర్ మీద నడిచేటప్పుడు గేజ్ తప్పక చూడండి. సర్వీసు చేసినవారు వైర్లు తారుమారుగా కలిపితే ఫేజు వరుస మారి పంపు తలకిందులుగా తిరుగుతుంది.

3. జనరేటర్ అందుకోకపోతే సక్కింగ్ మెషిన్‌ను పిలిపించండి, ఇంజినీరుకు చెప్పండి. వర్షపు నీటి కాలువలోకో చెరువులోకో మురుగు వదిలే నిర్ణయం ఆపరేటరు తీసుకోకూడదు. ఫోన్ చేసిన సమయాన్ని, ఎవరితో మాట్లాడారో లాగ్‌బుక్‌లో రాయండి.

4. కరెంటు వచ్చాక మట్టం స్టాప్ స్థాయికి దిగేదాకా అక్కడే ఉండండి. నిండిన వెల్ ఖాళీ అవుతున్నప్పుడు తేలిన చెత్తంతా ఒక్కసారిగా పంపు నోటికి చేరుతుంది, ఆంప్స్ మారడం ఎక్కువగా ఆ ఆఖరి అరమీటరులోనే కనిపిస్తుంది.

5. ఒకవేళ పొంగితే, ఆ నీరు తాకిన చోట సున్నం లేదా బ్లీచింగ్ చల్లించండి. దగ్గరలో తాగునీటి పైపు గానీ బోరు గానీ ఉంటే నీటి సరఫరా విభాగానికి వెంటనే తెలియజేసి, నీటి నమూనా పరీక్ష అయ్యేవరకు ఆ నీరు తాగవద్దని చుట్టుపక్కల ఇళ్లవారికి స్వయంగా వెళ్లి చెప్పండి.